లండన్ ట్యూబ్: 9:28కి టచ్ చేస్తే ఒక ఛార్జీ, 9:31కి టచ్ చేస్తే ఇంకో ఛార్జీ

పోయిన ఎపిసోడ్‌లో లండన్‌లో రూమ్ వెతుక్కోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, రెంట్ తక్కువని హౌన్స్‌లోలో తీసుకున్నాం, కానీ ట్యూబ్ ఛార్జీలే తినేస్తున్నాయి, ఏం చెయ్యాలి?" అని. అందుకే ఈరోజు మొత్తం దాని మీదే. పీక్ అంటే ఏంటి, ఆఫ్-పీక్ అంటే ఏంటి, ఏ టైమ్‌కి బయల్దేరితే డబ్బు మిగులుతుంది, ఏ టైమ్‌కి సీటు దొరుకుతుంది. ఈ చివరి రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. అది కూడా చెప్తాను.

మనకి ఇండియాలో ఈ లెక్క పెద్దగా అలవాటు లేదు. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ ఉదయం తొమ్మిదికెక్కినా, మధ్యాహ్నం రెండింటికెక్కినా టికెట్ ఒకటే. లింగంపల్లి బండిలో ఒంటికాలి మీద నిలబడి వెళ్ళినవాడు, ఖాళీ పెట్టెలో కాళ్ళు చాపుకుని వెళ్ళినవాడు ఒకే డబ్బు కడతారు. లండన్‌లో అలా కాదు. దూరం ఒక్కటే కాదు, గడియారం కూడా ఛార్జీని నిర్ణయిస్తుంది. ఎందుకు పెట్టారంటే, ఉదయం ఎనిమిదిన్నర రద్దీకి సరిపడా బండ్లు, డ్రైవర్లు, సిగ్నళ్ళు అన్నీ ఉండాలి. అదే బండ్లు మధ్యాహ్నం సగం ఖాళీగా తిరుగుతాయి. కాబట్టి రద్దీలో వచ్చేవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని, కాస్త ఆగి రాగలిగేవాళ్ళని తక్కువ ధరతో పిలుస్తారు.

సరే, టైమింగ్స్ చెప్తాను, గుర్తుపెట్టుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 6:30 నుంచి 9:30 దాకా పీక్. సాయంత్రం 4 నుంచి 7 దాకా పీక్. మిగతా అన్ని వేళలూ ఆఫ్-పీక్. శని, ఆదివారాలు, పబ్లిక్ హాలిడేస్ రోజంతా ఆఫ్-పీక్. ఇంతే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

తెలియనిది ఏంటంటే, ఆ టైమ్ ఎప్పటి టైమ్? బండి ఎక్కిన టైమా, దిగిన టైమా? రెండూ కాదు. మీరు బయల్దేరే స్టేషన్‌లో గేటు దగ్గర పసుపుపచ్చ రీడర్ మీద కార్డు ఆనించారు చూశారా, ఆ క్షణం. దాన్నే టచ్ ఇన్ అంటారు. తర్వాత మీరు ప్లాట్‌ఫామ్ మీద ఎంతసేపు నిలబడ్డా, బండి ఎంత లేటయినా, ఎప్పుడు దిగినా పీక్-ఆఫ్‌పీక్ లెక్క మారదు. కాబట్టి 9:28కి టచ్ చేసి లోపలికెళ్ళి, "తొమ్మిదిన్నర దాటాక వచ్చే బండి ఎక్కుదాంలే" అని బెంచీ మీద కూర్చుంటే పైసా లాభం లేదు. మూడు నిమిషాలు గేటు బయట నిలబడాలి, లోపల కాదు.

ఇదే రూల్ ఉదయం పూట మనకి కలిసొస్తుంది కూడా. 6:25కి టచ్ చేసి వెళ్ళినవాడు ఏడుంబావుకి సిటీ మధ్యలో దిగుతాడు. దిగే టైమ్‌కి చుట్టూ అంతా పీక్. ఆయనకి మాత్రం ఆఫ్-పీక్ ఛార్జీయే. పొద్దున్నే క్లీనింగ్ షిఫ్టులకి, కాఫీ షాపు ఓపెనింగ్ షిఫ్టులకి వెళ్ళేవాళ్ళు ఈ ఐదు నిమిషాల తేడా చూసుకోండి.

ఇప్పుడు డబ్బులు. మా పిన్ని కొడుకు కిందటేడు మాస్టర్స్‌కి వచ్చాడు, ఖమ్మం నుంచి. ఉండేది హౌన్స్‌లో ఈస్ట్ స్టేషన్ దగ్గర, అది జోన్ 4. కాలేజీ హోబర్న్ దగ్గర, అది జోన్ 1. రాసేది Holborn అని, అందులో 'ఎల్' పలకరు, హోబర్న్ అనాలి. పికడిల్లీ లైన్ మీద డైరెక్ట్ బండి, మారక్కర్లేదు, ముప్పావుగంట పైచిలుకు ప్రయాణం. 2025 మార్చిలో పెట్టిన ధరల ప్రకారం ఈ ప్రయాణానికి పీక్‌లో 4.60 పౌండ్లు, ఆఫ్-పీక్‌లో 3.40. ధరలు సాధారణంగా మార్చిలో మారుస్తారు కాబట్టి మీరు చూసే టైమ్‌కి అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చు. టీఎఫ్ఎల్ సైట్‌లో `Single fare finder` అని ఉంటుంది, అందులో రెండు స్టేషన్లు కొట్టి మీ ధర చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

వాడు మొదటి టర్మ్ మొదలైన రెండు వారాలకే నాకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, సెమినార్ గ్రూపు మార్చుకోమని మెయిల్ వచ్చింది, పదింటి గ్రూపు, పన్నెండింటి గ్రూపు ఉన్నాయి, ఏది తీసుకోవాలి?" అని. ఇద్దరం కూర్చుని వాడి వారం మొత్తం కాగితం మీద రాశాం. ఆ కాగితమే మీకు చెప్తాను, ఎందుకంటే ఇందులో మీరందరూ ఎక్కడో ఒకచోట ఉంటారు.

సోమవారం తొమ్మిదింటికి లెక్చర్. దానికి ఆప్షన్ లేదు. ఎనిమిది లోపు టచ్ చెయ్యాలి, పీక్, 4.60. ఒంటిగంటకి అయిపోతుంది, రెండింటికి ఇంటికి, ఆఫ్-పీక్, 3.40. మొత్తం 8 పౌండ్లు.

మంగళవారం పదింటి సెమినార్. తొమ్మిదికి టచ్ చేస్తాడు, 4.60. నాలుగింటికి క్లాసులు అయిపోయాక నాలుగున్నరకి బయల్దేరతాడు, మళ్ళీ 4.60. మొత్తం 9.20.

బుధవారం ఇంట్లోనే. గురువారం క్లాస్ పదకొండుకి. కానీ వాడు లేటవుతుందేమో అని తొమ్మిదింపావుకే టచ్ చేసేవాడు, 4.60. క్లాస్ అయ్యాక అక్కడికి దగ్గర్లోనే ఒక రెస్టారెంట్‌లో సాయంత్రం షిఫ్ట్, రాత్రి పదిన్నరకి తిరుగు ప్రయాణం, 3.40. మొత్తం 8.

శుక్రవారం క్లాస్ లేదు, షిఫ్ట్ ఒక్కటే. సాయంత్రం నాలుగుంబావుకి హౌన్స్‌లో ఈస్ట్‌లో టచ్ చేస్తాడు. ఇది ఎంత అవ్వాలి? నాలుగు దాటింది కాబట్టి పీక్ అంటారు మీరు. కాదు! సాయంత్రం 4 నుంచి 7 మధ్య, జోన్ 1 బయట ఉన్న స్టేషన్‌లో ఎక్కి జోన్ 1లో ఉన్న స్టేషన్‌లో దిగితే ఆఫ్-పీక్ ఛార్జీయే తీసుకుంటారు. అర్థం ఏంటంటే, ఆ టైమ్‌లో జనమంతా సిటీ నుంచి బయటికి పోతుంటారు. మీరు ఎదురు దిక్కులో లోపలికి వస్తున్నారు, మీ బండి ఎలాగూ ఖాళీ. అందుకని పీక్ వెయ్యరు. కాబట్టి 3.40. రాత్రి తిరిగి రావడానికి 3.40. మొత్తం 6.80. శనివారం కూడా షిఫ్ట్, రెండు వైపులా ఆఫ్-పీక్, 6.80.

ఈ ఎదురు దిక్కు రూల్ ఒక్క నిమిషం ఆగి అర్థం చేసుకోండి, ఎందుకంటే సాయంత్రం షిఫ్టులు చేసే మన పిల్లలకి ఇది బంగారం లాంటిది. కానీ షరతు ఉంది. దిగడం జోన్ 1లోనే దిగాలి. హౌన్స్‌లోలో ఎక్కి, సిటీ మధ్యలోంచి దూరి అటుపక్క జోన్ 2లోనో 3లోనో దిగితే పీకే. హౌన్స్‌లో నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు షిఫ్ట్‌కి వెళ్తే కూడా పీకే, ఎందుకంటే జోన్ 1 తగలనే లేదు. ఇంకోటి, ఉదయం ఇలాంటి రాయితీ లేదు. పొద్దున్న సిటీ నుంచి బయటికి ఖాళీ బండిలో వెళ్ళినా సరే, పీక్ పీకే. న్యాయమా అంటే నా దగ్గర సమాధానం లేదు. రూల్ అలా ఉంది.

సరే, వారం మొత్తం కూడితే 8, 9.20, 8, 6.80, 6.80. అంటే 38 పౌండ్ల 80 పెన్నీలు. పార్ట్‌టైమ్ చేసే స్టూడెంట్‌కి ఇది మూడు నాలుగు గంటల పని డబ్బు. వారం వారం.

ఇప్పుడు టైమింగ్ మారుద్దాం. సోమవారం మార్చలేం. మంగళవారం సెమినార్ పన్నెండుకి మార్చుకుంటే పదిన్నరకి టచ్ చెయ్యొచ్చు, 3.40. సాయంత్రం లైబ్రరీలో కూర్చుని ఏడు దాటాక బయల్దేరితే ఇంకో 3.40. గురువారం తొమ్మిదింపావు బదులు 9:40కి టచ్ చేసినా పదిన్నరకల్లా దిగుతాడు, పదకొండు క్లాస్‌కి టైమ్ ఉంటుంది. మళ్ళీ కూడితే 35.20. అంటే ఇంత సర్దుబాటు చేస్తే మిగిలింది వారానికి 3 పౌండ్ల 60.

వాడి ముఖం చూడాలి అప్పుడు. "ఇంతేనా అన్నయ్యా? దీనికోసం మూడు గంటలు లైబ్రరీలో పడి ఉండాలా?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. టైమ్ ఒక్కటీ మార్చుకుంటే వచ్చేది అంతంతమాత్రమే. చాలా వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి, "ఆఫ్-పీక్‌లో వెళ్ళండి, డబ్బు మిగల్చండి" అని. అసలు సంగతి దీని తర్వాత ఉంది.

రైల్‌కార్డ్ అని ఉంటుంది. 16 నుంచి 25 ఏళ్ళవాళ్ళకి ఒకటి, 26 నుంచి 30కి ఇంకొకటి. పాతిక దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే మొదటిది తీసుకోవచ్చు. 2025లో ధర ఏడాదికి 35 పౌండ్లు. మనవాళ్ళలో చాలామంది ఇది దూరం ఊళ్ళకి, మాంచెస్టర్‌కో ఎడిన్‌బరోకో వెళ్ళడానికే అనుకుంటారు. ట్యూబ్‌కి కూడా పనికొస్తుంది. ఆయిస్టర్ కార్డుకి రైల్‌కార్డ్ జత చేయించుకుంటే, ఆఫ్-పీక్ ఛార్జీల మీద మూడోవంతు తగ్గుతుంది. మళ్ళీ చెప్తున్నాను, ఆఫ్-పీక్ మీద మాత్రమే. పీక్‌లో ఒక్క పెన్నీ తగ్గదు.

ఇప్పుడు లెక్క చూడండి. పీక్ 4.60 అలాగే ఉంది. ఆఫ్-పీక్ 3.40 కాస్తా సుమారు 2.25 అయింది. ఇంతకుముందు 9:28కీ 9:31కీ మధ్య తేడా 1.20. ఇప్పుడు 2.35. అంటే ఒకటి ఇంకోదానికి రెట్టింపు. రైల్‌కార్డ్ ఉన్నవాడికే గడియారం చూసుకోవడం నిజంగా గిట్టుబాటు. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది, విడివిడిగా కాదు.

వాడి వారం మళ్ళీ వేద్దాం. సోమవారం పొద్దున 4.60, మధ్యాహ్నం 2.25. మిగతా నాలుగు రోజులూ రోజుకి 4.50 చొప్పున. మొత్తం 24.85. ముందు 38.80, ఇప్పుడు 24.85. వారానికి దాదాపు 14 పౌండ్లు. రైల్‌కార్డ్ 35 పౌండ్లు పెట్టి కొన్నా నెల తిరక్కుండానే వచ్చేసింది.

అయితే మంగళవారం సాయంత్రం సంగతి వాడికి నేను వేరేగా చెప్పాను. నాలుగింటికి క్లాస్ అయ్యాక ఏడు దాకా ఆగితే మిగిలేది 2.35. అసైన్‌మెంట్ ఉండి ఎలాగూ లైబ్రరీలో కూర్చునేటట్టయితే ఆగు. ఊరికే 2.35 కోసం ఆగి, ఆకలేసి బయట 5 పౌండ్లు పెట్టి శాండ్‌విచ్ కొనుక్కుంటే అది తెలివి కాదు. అలాంటప్పుడు నాలుగుకి ముందే బయటపడే వీలుందా అని చూసుకో అన్నాను. 3:55కి టచ్ చేస్తే సగం ధర. హోబర్న్‌లో క్లాస్‌రూమ్ నుంచి గేటుకి పది నిమిషాలు నడక అయితే మూడూ నలభైకల్లా కదలాలి. క్లాస్ నాలుగింటిదాకా ఉంటే మాత్రం క్లాస్ ఎగ్గొట్టకండి బాబూ, ఒక్కో క్లాస్‌కి ఫీజు లెక్క వేసుకుంటే గుండె ఆగుతుంది.

రైల్‌కార్డ్ జత చెయ్యడం ఎలా? ఇది ఆన్‌లైన్‌లో జరిగే పని కాదు. ట్యూబ్ స్టేషన్‌కి వెళ్ళి, టికెట్ మెషీన్ల దగ్గర ఉండే స్టాఫ్‌ని అడగండి. మీ ఆయిస్టర్ కార్డు, మీ రైల్‌కార్డ్ చూపించాలి, రైల్‌కార్డ్ ఫోన్‌లో డిజిటల్‌ది అయినా చాలు. మెషీన్‌లో వాళ్ళ యాక్సెస్‌తో లాగిన్ అయి రెండు నిమిషాల్లో చేసేస్తారు. దీనికి ఛార్జ్ లేదు. రద్దీ టైమ్‌లో వెళ్ళి అడగకండి, మధ్యాహ్నం వెళ్తే ఓపిగ్గా చేస్తారు.

ఇక్కడ మన స్మార్ట్‌ఫోన్ బ్యాచ్‌కి ఒక చేదు వార్త. ఫోన్‌తో ట్యాప్ చేస్తున్నారు కదా, గూగుల్ పే, యాపిల్ పే, లేదా బ్యాంకు కార్డు. వాటికి రైల్‌కార్డ్ జత కాదు. మామూలు పీక్, ఆఫ్-పీక్ తేడా ఫోన్‌తో కూడా వస్తుంది. మూడోవంతు తగ్గింపు మాత్రం ఆయిస్టర్ ప్లాస్టిక్ కార్డు మీదే. కాబట్టి ఫోన్ జేబులో పెట్టి కార్డు తీయాలి. రెండూ కలిపి ఒకే పర్సులో పెట్టి ఆనిస్తే ఏ కార్డు తగులుతుందో చెప్పలేం, అది కూడా చూసుకోండి.

స్టూడెంట్ ఆయిస్టర్ ఉంది కదా, ఫొటో ఉండేది, దానితో తగ్గింపు వస్తుందిగా అని అడుగుతారు. 18 ప్లస్ స్టూడెంట్ ఆయిస్టర్‌కి వారం, నెల ట్రావెల్‌కార్డ్ పాసుల మీద 30 శాతం తగ్గుతుంది. రోజువారీ డబ్బులేసుకుని వెళ్ళే టికెట్ మీద దానంతట అది ఏమీ తగ్గించదు. కానీ అదే కార్డుకి రైల్‌కార్డ్ జత చేయించుకోవచ్చు, అప్పుడు ఆఫ్-పీక్ తగ్గింపు వస్తుంది. వారంలో ఐదు రోజులూ పొద్దున్న పీక్‌లోనే వెళ్ళక తప్పదు అనేవాళ్ళు పాస్ ధర కూడా పక్కన పెట్టి చూసుకోండి, వాళ్ళకి పాసే నయం కావచ్చు. మా వాడిలా చెల్లాచెదురు టైమింగ్స్ ఉన్నవాళ్ళకి రైల్‌కార్డ్ నయం.

తగ్గింపు పడుతోందా లేదా ఎలా తెలుస్తుంది? ఆయిస్టర్‌ని మీ టీఎఫ్ఎల్ అకౌంట్‌కి కలుపుకోండి. జర్నీ హిస్టరీలో ఏ స్టేషన్‌లో ఎన్నింటికి టచ్ చేశారు, ఎక్కడ దిగారు, ఎంత పోయింది అన్నీ ఉంటాయి. జత చేయించాక మొదటి ఆఫ్-పీక్ ప్రయాణం తర్వాత ఒకసారి తెరిచి చూడండి. 3.40 పడితే జత కాలేదన్నమాట, వెంటనే స్టేషన్‌లో అడగండి. 4.60 పడితే టచ్ చేసిన టైమ్ చూడండి, 9:29 అని ఉంటుంది. ఇంకోటి, రైల్‌కార్డ్ ఏడాది అవ్వగానే ఆయిస్టర్ మీద తగ్గింపు కూడా ఆగిపోతుంది. ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. కొత్త రైల్‌కార్డ్ కొన్నాక మళ్ళీ స్టేషన్‌కి వెళ్ళి జత చేయించుకోవాలి. క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఇప్పుడే, వీడియో ఆపి.

దిగేటప్పుడు టచ్ అవుట్ మర్చిపోతే ఈ లెక్కలన్నీ గంగపాలు. ఎక్కడ దిగారో సిస్టమ్‌కి తెలియదు కాబట్టి గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. గేట్లు లేకుండా రీడర్ ఒక్కటే స్తంభానికి ఉండే స్టేషన్లలో జాగ్రత్త.

ఇప్పుడు సీటు సంగతి. ధర తగ్గే గంటా, బోగీ ఖాళీ అయ్యే గంటా ఒకటి కాదని మొదట్లో అన్నాను. ధరకి గీత 9:30 దగ్గర గీశారు. జనానికి ఆ గీత తెలుసు. అందుకే తొమ్మిదిన్నరకి ఐదు నిమిషాల ముందు చూడండి, గేటు బయట ఫోన్లు చూసుకుంటూ ఓ పదిమంది నిలబడి ఉంటారు, వాళ్ళలో మనవాళ్ళు కనీసం ఇద్దరు. గడియారం మారగానే అందరూ ఒకేసారి లోపలికి. ఆ మొదటి బండి చవకే కానీ ఖాళీ కాదు. పైగా తొమ్మిది దాటాక కూడా ఆఫీసులకి లేటుగా వెళ్ళేవాళ్ళు బండ్లలో ఉంటారు. అసలు ఒత్తిడి ఎనిమిది నుంచి తొమ్మిది మధ్యే, అది నిజం. అది కరిగి మీకు హాయిగా సీటు దొరకాలంటే పది అవ్వాలి. పదికి మించి టైమ్ ఉందంటే 9:31కి పరిగెత్తకండి, పదింటికి వెళ్ళండి. ధర అదే.

సాయంత్రం దీనికి తిరగేసి ఉంటుంది. ధర నాలుగుకే పెరుగుతుంది, కానీ నాలుగుకి బోగీలు ఇంకా నిండవు. ఐదు నుంచి ఆరున్నర దాకా ఇసుక వేస్తే రాలదు. కాబట్టి నాలుగున్నరకి బయల్దేరితే డబ్బు ఎక్కువ, కానీ సీటు దొరికే అవకాశం ఉంది. ఏడు తర్వాత డబ్బూ తక్కువ, జనమూ తక్కువ. లీసెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ వైపు మాత్రం రాత్రి పది, పదిన్నరకి థియేటర్లు వదిలినప్పుడు మళ్ళీ ఒక అల వస్తుంది. పికడిల్లీ లైన్ ఆ రెండు స్టేషన్లలోనూ ఆగుతుంది. మా వాడు హోబర్న్‌లో ఎక్కుతాడు, అది వాటికంటే ముందు స్టేషన్ కాబట్టి నిలబడే జనం వచ్చేసరికే కూర్చుని ఉంటాడు. మీరు ఆ థియేటర్ల దగ్గరే పనిచేస్తుంటే, ఒక స్టేషన్ వెనక్కి నడిచి ఎక్కితే సీటుకి అవకాశం ఎక్కువ. కోవెంట్ గార్డెన్ నుంచి హోబర్న్‌కి నడక ఎంతో లేదు.

వారంలో రోజులు కూడా చూసుకోండి. కోవిడ్ తర్వాత ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు మంగళ, బుధ, గురువారాలకి చేరారు. సోమ, శుక్రవారాలు తేలిక. శుక్రవారం ఎంత ఖాళీ అయిందంటే, 2024లో మార్చి 8 నుంచి మే 31 దాకా శుక్రవారాలు రోజంతా ఆఫ్-పీక్ ఛార్జీయే పెట్టి చూశారు, జనం వస్తారేమో అని. ధర తగ్గితే ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు పెరుగుతారనుకున్నారు. చెప్పుకోదగ్గంత పెరగలేదు, ఆపేశారు. ఇప్పుడు శుక్రవారం మామూలు పీక్ ఛార్జీలే. పాత వీడియో ఏదో చూసి "శుక్రవారం ఫ్రీగా తిరగొచ్చు" అనుకోకండి.

రోజూ వాడే ఇంకో చిన్న కిటుకు. లైన్‌లో ఏదో ఆలస్యం అయింది, పది నిమిషాలు బండి రాలేదు. ప్లాట్‌ఫామ్ నిండిపోయింది. మొదటి బండి రాగానే అందరూ దాని మీద పడతారు. అప్పుడు బోర్డు చూడండి, వెనకాల బండి రెండు నిమిషాల్లో అని ఉంటుంది, దాని వెనకాల ఇంకోటి. ముందు బండి స్టేషన్ స్టేషన్‌లో జనాన్ని ఊడ్చుకుంటూ పోతుంది, కాబట్టి వెనక బండికి మిగిలేది కొద్దిమందే. రెండు నిమిషాలు ఆగండి. మీరు ముందే టచ్ చేశారు కాబట్టి ఆగినంత మాత్రాన పీక్ లెక్క మారదు. హోబర్న్ నుంచి హౌన్స్‌లో వైపు వచ్చేవాళ్ళు మాత్రం బోర్డు మీద హీత్రో అని ఉందా లేదా చూసుకుని వదలండి, ఎందుకంటే ఆక్టన్ టౌన్ దగ్గర లైన్ రెండుగా చీలిపోతుంది.

స్టేషన్ ఎప్పుడు రద్దీగా ఉంటుందో `TfL Go` యాప్‌లో ఆ స్టేషన్ మీద నొక్కితే చూపిస్తుంది. కొత్త ఇల్లు తీసుకునే ముందే ఆ స్టేషన్ చూసుకోవడం మంచిది. బస్సులకి పీక్ లేదు, ఆఫ్-పీక్ లేదు, 2025లో ఎప్పుడెక్కినా 1.75, రైల్‌కార్డ్ తగ్గింపు దానికి వర్తించదు.

లూటన్, రెడింగ్ లాంటి చోట్ల ఉండి లండన్‌కి వచ్చేవాళ్ళు కూడా కామెంట్స్‌లో అడిగారు. మీరు కొనేది మెయిన్‌లైన్ రైలు టికెట్ అయితే నేను చెప్పిన 9:30, 4 నుంచి 7 అనే గంటలు మీకు పనికిరావు. అక్కడ ఆఫ్-పీక్ టికెట్ మీద ఒక్కో రూట్‌కి ఒక్కో షరతు ఉంటుంది. ఏ బండి ఎక్కొచ్చు, ఏది ఎక్కకూడదు అనేది టికెట్ కొనేటప్పుడు కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, అది చదవాలి. 16-25 రైల్‌కార్డ్‌కి కూడా వారం రోజుల్లో ఉదయం పదింటి లోపు కనీస ఛార్జీ అని ఒక మెలిక ఉంది, జులై, ఆగస్టుల్లో తప్ప. అది పెద్ద సబ్జెక్టు, వచ్చే ఎపిసోడ్‌లో రెడింగ్ నుంచి పాడింగ్టన్ లెక్క వేసి చూపిస్తాను. మీ రూట్, మీ క్లాస్ టైమింగ్స్ కామెంట్‌లో పెట్టండి, వాటిలోంచి ఒకటి తీసుకుంటాను. ఉంటానండి, బై.